వస్సొ, వస్సొయో, ఓష్యొస్సొయో: మూడింటికీ మనకున్నవి వచ్చావా, వచ్చారా రెండేనా?

శ్రావ్య_సబ్స్
అందరికీ నమస్తే. నేను కొరియన్ సీరియల్స్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటా, సరదాకే, డబ్బులేం రావు. ఇప్పుడు చేస్తున్న దాంట్లో ఒకచోట ఇరుక్కుపోయా. ఒక బేకరీ, అందులో కొత్తగా చేరిన అమ్మాయి, ఆమె కన్నా నాలుగేళ్లు పెద్ద, ముందు నుంచీ పనిచేస్తున్న అబ్బాయి. పొద్దున్నే ఆ అమ్మాయి లోపలికి రాగానే అతను "వస్సొయో?" అంటాడు. మర్నాడు అతను ఆలస్యంగా వస్తే ఆమె "ఓష్యొస్సొయో?" అంటుంది. రెండిటికీ నేను "వచ్చారా?" అనే రాశా. బానే ఉందనుకున్నా, కానీ తొమ్మిదో ఎపిసోడ్‌లో అతను మొదటిసారి యో తీసేసి ఒట్టి "వస్సొ?" అంటాడు, ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగిపోతుంది, సీన్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. దానికి "వచ్చావా?" సరిపోతుంది, అది తెలుసు. నా బాధ ముందు ఎపిసోడ్ల గురించి. అతను ఆమెతో మాట్లాడేదీ ఆమె అతనితో మాట్లాడేదీ ఒకటి కాదని కొరియన్‌లో వినగానే తెలుస్తుంది, నా తెలుగులో ఇద్దరూ సమానం అయిపోయారు. పోనీ అతన్ని మొదటి నుంచే "వచ్చావా" అనిపిస్తే తొమ్మిదో ఎపిసోడ్‌లో ఇక మార్చడానికి ఏమీ మిగలదు. ఎవరైనా ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

రవి_కె_వైజాగ్
ఇందులో అంత ఆలోచించేదేముందండి, యో ఉంటే మీరు, యో లేకపోతే నువ్వు. నేను రెండేళ్లుగా సీరియల్స్ చూస్తున్నా, ఎక్కడా తప్పలేదు ఈ లెక్క. జపనీస్‌లో కూడా అంతే, మాస్ దేసు ఉంటే మీరు, లేకపోతే నువ్వు. ఓష్యొస్సొయో అంటే ఇంకాస్త ఎక్కువ మర్యాద, దానికి కావాలంటే "వచ్చారాండీ" అని పెట్టుకోండి.

దేజొన్_వాసి
రవి గారు చెప్పింది ఎదుటి మనిషి గురించే మాట్లాడినంత సేపు దాదాపు సరిపోతుంది, మూడో మనిషి రాగానే విరిగిపోతుంది. నేను ఇక్కడ కొరియాలో, దేజొన్‌లో చాలా కాలంగా ఉంటున్నా, ల్యాబ్‌లో రోజంతా ఇదే భాష, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

కొరియన్‌లో మర్యాద రెండు వేర్వేరు చోట్ల కూర్చుంటుంది. యో అనేది వినేవాడి కోసం. షి అనేది ఎవరి గురించి చెప్తున్నామో వాళ్ల కోసం, ఓష్యొస్సొయోలో మధ్యన ఉన్న ష్య అదే. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. ఇది మనవాళ్లకి కష్టం అనుకుంటారు గానీ నిజానికి తెలుగువాళ్లకి వచ్చినంత తేలిగ్గా ఇంకెవరికీ రాకూడదు, ఎందుకంటే మనకీ అచ్చం ఇలాగే రెండు చోట్లున్నాయి. ఇంట్లో తమ్ముడొచ్చాడు, స్నేహితుడికి చెప్తున్నా: "తమ్ముడొచ్చాడ్రా". కొరియన్‌లో "దొంగ్‌సెంగ్ వస్సొ". అదే మాట పక్కింటి పెద్దాయనకి చెప్తే "తమ్ముడొచ్చాడండి", అక్కడ "దొంగ్‌సెంగ్ వస్సొయో". తమ్ముడికి మర్యాద పెరగలేదు చూడండి, వచ్చాడు వచ్చాడుగానే ఉంది, పెరిగింది పెద్దాయనకే. ఇప్పుడు నానమ్మ వచ్చింది అనుకోండి, మర్యాదగా చెప్పే ఇళ్లల్లో స్నేహితుడితో "నానమ్మ వచ్చార్రా" అంటాం, "హల్మొని ఓష్యొస్సొ". ఆ పెద్దాయనతో "నానమ్మ వచ్చారండి", "హల్మొని ఓష్యొస్సొయో". నాలుగుకి నాలుగూ కుదిరాయి. అంటే యోకి సమానం మీరు కాదు, అండి. షికి సమానం వచ్చారులో ఉన్న రు.

శ్రావ్య గారి ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, వినేవాడూ వచ్చినవాడూ ఒక్కడే అయినప్పుడు. అప్పుడు నాలుగు గళ్లల్లో మనకి ఒకటి ఖాళీ. "వచ్చావా" ఉంది, "వచ్చారా" ఉంది, "వచ్చారాండీ" ఉంది, కానీ "వచ్చావాండీ" ఎవరూ అనరు. నువ్వూ అండీ ఒకే వాక్యంలో ఇమడవు మనకి. కొరియన్‌లో "వస్సొయో?" సరిగ్గా ఆ ఖాళీ గడి. వినేదానివి కాబట్టి నీకు యో ఇస్తున్నా, కానీ నువ్వు నాకన్నా చిన్న, షి పెట్టి నీ రాకని ఎత్తి చెప్పను అని. ఆ అబ్బాయి నిలబడింది అక్కడ.

శ్రావ్య_సబ్స్
ఇది చదివాక పాత ఎపిసోడ్లు మళ్లీ తీసి చూశా, నిజమే, అతను ఓనర్ గురించి ఆ అమ్మాయితో చెప్పేటప్పుడు షి పెడతాడు, ఆ అమ్మాయి గురించి ఆమెతోనే చెప్పేటప్పుడు పెట్టడు. నా ఫైల్లో అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఆ ఖాళీ గడిని మనవాళ్లు మామూలు జీవితంలో ఎలా నింపుకుంటారు మరి?

నల్గొండ_సతీష్
మా దిక్కు ఆ గడి ఖాళీ లేదు. "ఎప్పుడొచ్చినవ్ అన్నా", "తిన్నవా అక్కా", "ఎట్లున్నవ్ సార్", రోజూ ఇదే కదా మాట్లాడేది. నువ్వే అంటం, మర్యాద మాత్రం అన్నల ఉంటది. మీరు అనకపోతే మర్యాద లేదనుకునేది కోస్తా లెక్క. నేను మా పెద్దమ్మను నువ్వు అనే అంటా, కానీ పెద్దమ్మా అనకుండ ఒక్క మాట మాట్లాడ. గది తీసేసి ఉత్త "తిన్నవా" అంటే మా ఇంట్ల ఊకుంటరా?

అమలాపురం_లక్ష్మి
సతీష్ గారూ మీ మాట కాదనను గానీ "సార్ తిన్నవా" అని వింటే మా వైపు నిజంగా ఉలిక్కిపడతారండి. సబ్‌టైటిల్ రెండు రాష్ట్రాలవాళ్లూ చదువుతారు కదా. మా దగ్గరైతే అండి లేకుండా బజార్లో కూరగాయలు కూడా కొనం, పిల్లాడితో కూడా "ఎంతండీ" అంటాం. ఒక్కోసారి ఆయ్ అండీ అని రెండూ కలిపి కూడా.

దేజొన్_వాసి
సతీష్ గారు పట్టుకున్నది చాలా విలువైన విషయం, నేను దాన్ని వదిలేశా. వరస పెట్టి పిలవడం అనేది మూడో చోటు. కాకపోతే ఒక తేడా ఉంది, అది గమనించకపోతే దెబ్బ తింటారు. తెలంగాణలో "వచ్చినవా అన్నా" అంటే అన్నా అన్న మాటే అండి చేసే పని చేస్తుంది, వాక్యం మర్యాదైపోతుంది. కొరియన్‌లో "ఒప్పా వస్సొ?" అని అమ్మాయి అంటే వరస పెట్టినా సరే అది బాన్మలే, అంటే చనువు మాటే, యో లేదు కాబట్టి. ఒప్పా, హ్యొంగ్ అంటే అన్న, నునా, ఒన్ని అంటే అక్క, ఇవి దగ్గరితనాన్నీ వయసునీ చెప్తాయి, యో పనిని చెయ్యవు. అందుకే కొత్తగా పరిచయమైన పెద్దవాడితో "హ్యొంగ్, మొగొస్సొ?" అంటే, మనవాడి మనసులో "అన్నా తిన్నవా" అంత మర్యాదగా ఉంటుంది, అవతలివాడికి మాత్రం అనుమతి అడక్కుండా దగ్గరికి జరిగినట్టుంటుంది. అనుమతి అన్నది ఊరికే అనట్లేదు, అక్కడ అది నిజంగా నోటితో అడుగుతారు. పెద్దవాడు "మాట వదులుకోవచ్చా" అని అడుగుతాడు, లేదా చిన్నవాడే "మాట వదలండి, పర్లేదు" అంటాడు. మనం "నన్ను మీరు అనకండి సార్, నువ్వు అనండి" అంటాం చూడండి, అదే.

పద్మజ_పొద్దుటూరు
నాకు భాష తెలియదు కానీ ఇది మా ఇంట్లో జరిగిందే కాబట్టి రాస్తున్నా. మావాడు అక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు, ఒక కొరియన్ పిల్లాడితో బాగా కలిసిపోయినాడు, ఇద్దరూ ఒకటే క్లాసు. పేరు పెట్టి పిలిచి యో గీయో లేకుండా మాట్లాడినాడంట, ఆ పిల్లాడు మొహం మాడ్చుకున్నాడంట. తర్వాత తెలిసింది ఏందంటే వాడు ఒక్క సంవత్సరం పెద్ద. ఒక్క సంవత్సరం! ఒకే క్లాసులో చదివేటోళ్ల మధ్య మనకి ఇట్ల ఉంటుందా? మావాడు ఇంకా బాధపడతానే ఉన్నాడు, ఏం చేయాలో చెప్పండి.

దేజొన్_వాసి
పద్మజ గారూ, అక్కడ ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లనే సమానం అంటారు, అందుకే పరిచయం కాగానే ఏ సంవత్సరం అని అడుగుతారు. 2023 జూన్‌లో కొరియా చట్టంలో వయసు లెక్క మార్చారు, పుట్టగానే ఒకటి అనే పాత లెక్క తీసేసి అందరిలాంటి లెక్క పెట్టారు, అయినా స్నేహితుల మధ్య పుట్టిన సంవత్సరం చూసుకునే అలవాటు పోలేదు. మీ అబ్బాయి ఒకసారి మళ్లీ యోతో మాట్లాడటం మొదలుపెట్టి, హ్యొంగ్ అని పిలిచి, తర్వాత "మాట వదలచ్చా" అని అడిగితే చాలు. విదేశీయుడు అడిగితే కాదనేవాళ్లు నాకు కనపడలేదు. పేరు విషయం మాత్రం గుర్తుంచుకోమనండి, ఒట్టి పేరు పిలవకూడదు కదా అని పేరుకి షి చేరిస్తే గారు అయిపోతుంది అనుకుంటారు మనవాళ్లు. కాదు. ఈ షి క్రియ మధ్యలో వచ్చే షి కాదు, వేరే. గారు పెద్దవాళ్లకి వాడతాం, ఈ పేరు వెనక షిని పైవాళ్లకి వాడితే తప్పు, సమానంగానో కిందో ఉన్నవాళ్లకే. పై అధికారిని హోదాతో పిలవాలి, చివర నిమ్ పెట్టి.

ఓసాకా_ప్రసాద్
జపనీస్‌లో అయితే సాన్ దాదాపు గారే, కింద పైన తేడా లేకుండా పెట్టెయ్యొచ్చు, అక్కడ మనకి సుఖం. కానీ రవి గారు జపనీస్ కూడా అంతే అన్నారు కాబట్టి కొంచెం రాయాలనిపించింది.

జపనీస్‌లో ఆ బేకరీ సీన్ ఉంటే "కితా?" అన్నది వస్సొ, "కిమాష్త కా?" అన్నది వస్సొయో. ఇంతవరకూ ఒకటే. మాస్, దేసు కూడా వినేవాడి కోసమే, అంటే అండి. పైన ఉన్న గౌరవ క్రియ ఇరష్షారు, అది షికి సమానం. స్నేహితుడితో మాట్లాడుతూ "సెన్సే మో ఇరష్షాట్టా?" అనొచ్చు, అంటే "సార్ వచ్చార్రా?", వినేవాడు దగ్గరివాడు, వచ్చినవాడు పెద్ద. కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువగా "సెన్సే కితా?" అనేస్తారు, మన కాలేజీ పిల్లలు "సార్ వచ్చాడా" అన్నట్టే. ఇక్కడ ఓసాకా, క్యోటో వైపు మాత్రం "సెన్సే కిహత్తా" అంటారు, హరు అనే చిన్న ముక్క, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో కూడా ఎదుట లేని మనిషికి మర్యాద ఇచ్చేస్తారు, నాకు అది వింటే మన "ఆయన వచ్చారు" గుర్తొస్తుంది, చాలా హాయిగా ఉంటుంది వినడానికి.

అసలు తేడా ఎక్కడంటే, మనమూ కొరియన్లూ మా నాన్నగారు ఎవరి ముందైనా నాన్నగారే. బయటివాళ్లతో కూడా "మా నాన్నగారు వచ్చారండి" అంటాం. జపనీస్‌లో బయటివాళ్లతో చెప్పేటప్పుడు మనవాళ్లని దించెయ్యాలి. ఆఫీసులో మేనేజర్ పేరు తనకా అనుకోండి, లోపల తనకాసాన్ అనే పిలుస్తాం. క్లయింట్ ఫోన్ చేస్తే మాత్రం "తనకా వా ఇమా సెకి ఓ హజుష్తే ఒరిమాసు" అనాలి, అంటే తనకా ఇప్పుడు సీట్లో లేడు అని, సాన్ ఉండదు, గౌరవ క్రియ ఉండదు, పైగా తగ్గించి చెప్పే ఒరిమాసు. వినేవాడికి మాత్రం మాసు ఉంది. మా టీమ్‌కి వచ్చే తెలుగు పిల్లలకి నేను మొదటి వారం చెప్పేది ఇదే, ఎందుకంటే "మా సార్ లేరండి" అన్న అలవాటుతో ఎంత మర్యాద తెలిసిన పిల్లాడైతే అంత తప్పు చేస్తాడు ఇక్కడ.

టాపిక్_తయారీ_22
నేను టాపిక్ 2 అనే కొరియన్ భాష పరీక్షకి ప్రిపేర్ అవుతున్నా, ఎవరైనా చెప్పండి ప్లీజ్, రైటింగ్‌లో యో రాయాలా లేక ఇమ్నిదా రాయాలా. మా ఫ్రెండ్ రెండూ కాదు బాన్మల్ రాయాలి అంటున్నాడు, అది పరీక్ష దిద్దేవాళ్లకి అవమానం కాదా?

దేజొన్_వాసి
దారి కొంచెం తప్పింది గానీ ప్రశ్న బావుంది. మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. 53, 54 ప్రశ్నలకి హందా అనే ముగింపుతో రాయాలి, కాందా, మొగ్నుందా అలా. యో రాస్తే మార్కులు పోతాయి. అది చూడటానికి యో లేని మాటే, కానీ ఎవరినీ ఎదురుగా పెట్టుకుని అన్నది కాదు కాబట్టి అవమానం ఉండదు. చలికి ఒంటరిగా "చుప్తా" అనుకుంటే అది ఎవరితోనూ బాన్మల్ కాదు, మనం "అబ్బా చలి" అనుకున్నట్టు. జపనీస్ వ్యాసాల్లో కూడా అంతే, దేసు మాస్ తీసేసి రాస్తారు. ఎదురుగా మనిషి ఉన్నాడా లేడా అన్నదే లెక్క.

ఓసాకా_ప్రసాద్
దానికి తోడు వాక్యం మధ్యలో ఉన్న క్రియకి కూడా మాస్ ఉండదు. "రేపు వస్తాడనుకుంటా అండి" అన్నప్పుడు అండి చివర్లోనే కదా, "అష్త కురు తో ఒమోయిమాసు", కురు ఒట్టిది, చివర్లో మాసు. తెలుగువాళ్లకి ఇది చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది, "వస్తాడండి అనుకుంటా అండి" అని మనం అనం.

రవి_కె_వైజాగ్
సరే, మూడో మనిషి సంగతి ఒప్పుకుంటున్నా. కానీ మాట్లాడేటప్పుడు నిజంగా ఇన్ని లెక్కలేసుకుంటారా? నేను హైదరాబాద్‌లో ఒక కొరియన్ కంపెనీ వాళ్లతో పనిచేశా, నేను నాకొచ్చిన ముక్కలతో మాట్లాడా, వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. చిన్న చిన్న జవాబులకి ఏం మర్యాద ఉంటుంది, ఎప్పుడు అంటే "నెయిల్", అంటే రేపు, అయిపోయింది.

దేజొన్_వాసి
రవి గారూ, అన్నిటికన్నా ప్రమాదం ఆ చిన్న జవాబుల్లోనే. ఇది కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే వ్యాకరణం బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే జారతారు.

తెలుగులో అండి లేకపోవడం తప్పు కాదు. బాస్ "ఎప్పుడిస్తావ్?" అంటే "రేపు" అన్నా, "రేపు సార్" అన్నా, "రేపండి" అన్నా నడుస్తుంది. మొదటిది పొడిగా ఉంటుంది, అంతే. "వస్తున్నా" అని పెద్దవాళ్లకి చెప్తే అందులో మర్యాదా లేదు అమర్యాదా లేదు, నా గురించి నేను చెప్పుకుంటున్నా కాబట్టి. మనకి తటస్థంగా నిలబడే చోటు ఒకటుంది. కొరియన్‌లో ఆ చోటు లేదు. ఎదురుగా మనిషి ఉన్నాక యో పెట్టావా లేదా, రెండే. "నెయిల్" అంటే బాన్మల్, "నెయిల్యో" అంటే మర్యాద. ఎక్కడికి అంటే "చిబే" బాన్మల్, "చిబేయో" మర్యాద, అదే మన "ఇంటికండి". నేనా అంటే "చొయో?", ఎందుకంటే "వేయో?", "నేనాండి", "ఎందుకండి". యో నామవాచకానికైనా ప్రశ్నపదానికైనా దేనికైనా అతుక్కుంటుంది, అండి కూడా అంతే, ఆ సులువు వాడుకోవాలి మనం. గోదావరి జిల్లాలవాళ్లు ప్రతి ముక్కకీ అండి తగిలిస్తారు చూడండి, ఆ అలవాటుతో మాట్లాడితే కొరియన్‌లో తప్పే రాదు. అవును అనడానికి కూడా "ఉంగ్" బాన్మల్, "నే" మర్యాద, మనం ఆఁ అని ఊరుకోవడం అక్కడ కుదరదు.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది అంటే, వాళ్లు దాన్ని "మాట పొట్టిగా ఉంది" అంటారు. నిజంగా అదే మాట, "మరి జ్జల్లే" అని. యో లేని వాక్యం వాళ్ల చెవికి కత్తిరించినట్టు వినపడుతుంది. విదేశీయుడికి మొహం మీద చెప్పరు, రవి గారికి నవ్వు దొరికింది అందుకే. ఒకే ఈడు కొరియన్ల మధ్య అయితే అక్కడే గొడవ. అవతలివాళ్లు మీతో ముందుకన్నా ఎక్కువ యో, ఎక్కువ షి పెట్టి మాట్లాడటం మొదలుపెడితే దూరం జరిగారని అర్థం.

ఓసాకా_ప్రసాద్
జపనీస్‌లో అదే పని దేసు చేస్తుంది. ఎప్పుడు అంటే "అష్త" / "అష్త దేసు". ఊఁ అనడానికి "ఉన్", అవునండి అనడానికి "హాయ్". ఆగు, ఆగండి అన్నది "మత్తే", "మత్తే కుదసాయ్". ప్రశ్నలో అయితే "గకుసే?" అని ఒట్టి పదం పైకి ఎత్తితే చాలు స్నేహితుల మధ్య, "గకుసే దేసు కా" మర్యాద. మనవాళ్లు దేసు తీసేశాం కదా అని దాని బదులు దా పెట్టి "గకుసే దా కా?" అంటుంటారు, అది అసలు వ్యాకరణానికే కుదరదు, అలా అడగొద్దు.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. మాస్ దేసు అన్నీ సరిగ్గా పెట్టినా వాక్యం అమర్యాద కావచ్చు. మనం ఇంటికొచ్చిన పెద్దాయన్ని "కాఫీ తాగుతారా, కాఫీ కావాలాండీ" అంటాం, ఎంత మర్యాద! అదే జపనీస్‌లో బాస్‌ని "కోహీ నొమితాయ్ దేసు కా" అంటే, అంటే తాగాలనుందా అని, దేసు ఉన్నా సరే బావుండదు. పైవాళ్ల మనసులో కోరిక ఏంటని నేరుగా అడగడమే అక్కడ మర్యాద కాదు. "కోహీ ఇకాగా దేసు కా" అనాలి, కాఫీ ఎలా ఉంటుందండి అన్నట్టు. అంటే ముగింపు మార్చేస్తే మర్యాద అయిపోతుందన్న లెక్క జపనీస్‌లో కొంతవరకే పనిచేస్తుంది.

అమలాపురం_లక్ష్మి
నాకొక సందేహం. కూతురు తల్లితో బాన్మల్ మాట్లాడుతుంది సీరియల్స్‌లో, అది చూసి మా అత్తగారు "ఏం పిల్లండీ" అంటారు. అది మర్యాద లేకపోవడమేనా?

దేజొన్_వాసి
కాదండి. అమ్మతో బాన్మల్ అక్కడ మామూలు, మనం అమ్మని నువ్వు అన్నట్టే. నాన్న దగ్గర కొన్ని ఇళ్లల్లో, ముఖ్యంగా పాత తరంలో యో ఉంటుంది, మన దగ్గర అమ్మని నువ్వు నాన్నని మీరు అనే ఇళ్లు ఎన్ని లేవు. ఇంకా ముద్దుగా ఉండేది ఏంటంటే మనవలు నానమ్మతో యో తీసేసి షి మాత్రం ఉంచుతారు, "హల్మొని, షిక్సా హష్యొస్సొ?" అని. సరిగ్గా మన "నానమ్మా తిన్నారా". అండి లేదు, రు ఉంది. సబ్‌టైటిల్‌లో దాన్ని అలాగే రాసెయ్యొచ్చు, ఒక్క అక్షరం పోదు.

శ్రావ్య_సబ్స్
అన్నీ చదివి ఇవాళ మొదటి ఎపిసోడ్ మళ్లీ రాశా. ఆ అమ్మాయి అతనితో మాట్లాడే ప్రతి చిన్న వాక్యానికీ అండి పెట్టా: "వచ్చారాండీ?", "రేపండి", "నేనాండి?". అతను ఆమెతో "వచ్చారా" అంటాడు కానీ అండి ఎక్కడా ఉండదు, పేరు మాత్రం ఉంటుంది, "వచ్చారా సుజిన్?", గారు లేకుండా. అంటే ఆమె మెట్టు అండి, అతని మెట్టు మీరు. తొమ్మిదో ఎపిసోడ్‌లో "వచ్చావా?". ఆమె దానికి వెంటనే "ఉంగ్" అనదు, "నే" అంటుంది, అంటే ఇంకా యో వదల్లేదు. అక్కడ "ఆఁ... వచ్చానండి" అని రాశా. పదకొండులో మొదటిసారి ఉంగ్ అంటుంది, అప్పుడు ఒట్టి "ఊఁ".

ఓసాకా_ప్రసాద్
"వచ్చానండి" బావుంది, అతను తగ్గాడు ఆమె ఇంకా తగ్గలేదు అన్నది ఆ ఒక్క ముక్కలో తెలుస్తోంది.

నల్గొండ_సతీష్
నాకు మాత్రం నచ్చలే. పేరు ఒట్టిగ పిలుచుకుంట "వచ్చారా సుజిన్" అని ఎవరు మాట్లాడుతరు నిజంగ? ఆఫీసు మెయిల్ చదివినట్టుంది. నాలుగేళ్లు పెద్దోడు, ఒక్కకాడ పనిచేసేటోడు, "వచ్చినవా సుజిన్" అనే అంటడు మొదటి రోజు నుంచి. మరి తొమ్మిదిల ఏం మారుతది అంటవా, పేరు తీసెయ్. ఎనిమిది ఎపిసోడ్ల దాక ప్రతిసారి పేరు పెట్టి పిలిచినోడు ఆ రోజు పేరు లేకుండ ఉత్త "వచ్చినవా?" అంటే ఎవరికైన తెలుస్తది దగ్గరైండని.

దేజొన్_వాసి
సతీష్ గారి పద్ధతిలో ఒక చిక్కు, కొరియన్‌లో ఆ మార్పు అతను అడక్కుండా తీసుకున్న చనువు, చూసేవాళ్లకి కాస్త గుండె ఝల్లుమనాలి. పేరు తీసేస్తే దగ్గరితనం తెలుస్తుంది, ఆ తెగింపు తెలియదు. మీరు నుంచి నువ్వుకి దిగితేనే అది వస్తుంది. కానీ మాట్లాడే తెలుగులా ఉండాలంటే సతీష్ గారిదే సహజం, అది కాదనలేను.

అమలాపురం_లక్ష్మి
నా ఓటు శ్రావ్యకే, కాకపోతే సుజిన్ పక్కన గారు పెట్టమ్మా. మా వైపు మీరు అంటూ గారు లేకుండా పిలిస్తే పొగరనుకుంటారు.

శ్రావ్య_సబ్స్
గారు పెడితే అతను మళ్లీ ఆమె కిందకి వచ్చేస్తాడు లక్ష్మి గారూ, అదే నా భయం. రెండో ఎపిసోడ్ సతీష్ గారి పద్ధతిలో కూడా రాసి రెండూ ఇక్కడ పెడతా ఆదివారం లోపు. అతని మాటలు పదిహేడు ఉన్నాయి అందులో, చదివి ఏ లైను దగ్గర చెవికి తగిలిందో నంబరుతో చెప్పండి.